మొత్తం చార్ట్ ఒకటి చెబుతుంది, వయసులవారీ చార్ట్ ఇంకోటి చెబుతుంది: సింప్సన్ పారడాక్స్‌ని విప్పి చూసే పద్ధతి

ఇంగ్లండ్ ఉత్తర భాగంలో, న్యూకాజిల్ నగరం పక్కన విక్‌హామ్ అనే ఊరుంది. 1972–74 మధ్య అక్కడి పెద్దవాళ్ల మీద ఒక ఆరోగ్య సర్వే చేశారు. థైరాయిడ్, గుండె జబ్బులు ఎంతమందికి ఉన్నాయో తెలుసుకోవడం దాని ఉద్దేశం. పనిలో పనిగా సిగరెట్ అలవాటు గురించి కూడా అడిగి రాసుకున్నారు. ఇరవై ఏళ్ల తర్వాత అదే మనుషుల వివరాలు మళ్లీ సేకరించి, ఎవరు బతికి ఉన్నారో ఎవరు పోయారో లెక్క తీశారు. అందులో ఆడవాళ్ల లెక్కను 1996లో యాపిల్టన్, ఫ్రెంచ్, వాండర్‌పంప్ అనే ముగ్గురు ఒక చిన్న వ్యాసంగా ప్రచురించారు.

సర్వే నాటికి సిగరెట్ తాగుతున్న ఆడవాళ్లు 582 మంది. ఇరవై ఏళ్లలో వాళ్లలో చనిపోయినవాళ్లు 139 మంది, అంటే 23.9 శాతం. అసలెప్పుడూ తాగనివాళ్లు 732 మంది. వాళ్లలో చనిపోయినవాళ్లు 230 మంది, అంటే 31.4 శాతం. తాగి మానేసినవాళ్లను ఈ లెక్కలో కలపలేదు.

రెండు బార్లు గీస్తే సిగరెట్ తాగినవాళ్ల బార్ పొట్టిగా, తాగనివాళ్ల బార్ పొడుగ్గా వస్తుంది. అంకెలు నిజం, చార్ట్ గీయడంలోనూ పొరపాటు లేదు. కానీ వయసులవారీగా విడదీస్తే దాదాపు అన్ని చోట్లా సిగరెట్ తాగినవాళ్ల మరణాలే ఎక్కువ. మొత్తంలో కనిపించిన ధోరణి వర్గాల లోపలికి వెళ్తే తిరగబడుతుంది. ఎడ్వర్డ్ సింప్సన్ 1951లో రాసిన వ్యాసం వల్ల దీనికి సింప్సన్ పారడాక్స్ అనే పేరు స్థిరపడింది. ఆయన కంటే ముందే 1903లో ఉడ్నీ యూల్ ఈ సంగతి గమనించారు.

ఈ ఒక్క డేటాను పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా వెళ్దాం. ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ తెరిచి, కింది పట్టికను టైప్ చేసుకుని, ప్రతి అడుగూ మీరే చేసి చూడండి. చదివి వదిలేస్తే "వయసు వల్ల అలా వచ్చింది" అన్న మాట ఒక్కటే గుర్తుంటుంది. చేతితో లెక్క కడితే ఎంత వచ్చింది, ఎందుకు వచ్చింది అన్నది కూడా అర్థమవుతుంది.

| వయసు (సర్వే నాటికి) | తాగేవాళ్లలో మరణాలు | తాగేవాళ్లు మొత్తం | తాగనివాళ్లలో మరణాలు | తాగనివాళ్లు మొత్తం |
|---|---|---|---|---|
| 18–24 | 2 | 55 | 1 | 62 |
| 25–34 | 3 | 124 | 5 | 157 |
| 35–44 | 14 | 109 | 7 | 121 |
| 45–54 | 27 | 130 | 12 | 78 |
| 55–64 | 51 | 115 | 40 | 121 |
| 65–74 | 29 | 36 | 101 | 129 |
| 75 పైన | 13 | 13 | 64 | 64 |

మొదటి అడుగు: శాతాలు పక్కన పెట్టి, ఎవరు ఏ వర్గంలో ఉన్నారో చూడండి

అనుమానం రాగానే చాలామంది నేరుగా వయసులవారీ మరణాల చార్ట్ గీసేస్తారు. దానికంటే ముందు గీయాల్సింది ఇంకొకటుంది. అందులో మరణాల ఊసే ఉండదు. తాగేవాళ్లు ఏ వయసులో ఎంతమంది, తాగనివాళ్లు ఏ వయసులో ఎంతమంది, అంతే.

ఏడు వర్గాలను ఒకేసారి చూస్తే కళ్లు తిరుగుతాయి కాబట్టి, ప్రస్తుతానికి మూడుగా కలుపుదాం: 18–44, 45–64, 65 పైన. తాగేవాళ్లలో ఈ మూడు వర్గాల్లో వరుసగా 288, 245, 49 మంది ఉన్నారు. తాగనివాళ్లలో 340, 199, 193 మంది. వీటిని శాతాల్లోకి మార్చి రెండు అడ్డబార్లుగా గీయండి. ఒక్కో బార్ మొత్తం 100 శాతం, లోపల మూడు రంగుల ముక్కలు.

చిన్న వయసు ముక్కలో పెద్ద తేడా కనిపించదు: 49.5, 46.4 శాతం. తేడా అంతా పెద్ద వయసు ముక్కలో ఉంది. తాగేవాళ్లలో 65 దాటినవాళ్లు 8.4 శాతమే, తాగనివాళ్లలో 26.4 శాతం. మూడు రెట్లకు పైగా తేడా. సర్వే జరిగినప్పుడే 65 దాటినవాళ్లు ఇంకో ఇరవై ఏళ్లు బతకడం ఎవరికైనా కష్టమే. ఇక్కడితోనే సగం కథ బయటపడింది.

ఈ తేడా ఎందుకొచ్చిందో కూడా ఆలోచించాలి, ఎందుకంటే తర్వాత తీర్పు చెప్పేటప్పుడు దాని అవసరం పడుతుంది. బ్రిటన్‌లో ఆడవాళ్లలో సిగరెట్ అలవాటు బాగా పెరిగింది రెండో ప్రపంచ యుద్ధం, దాని చుట్టుపక్కల కాలంలో. 1972 నాటికి 65 దాటిన తరంలో చాలామంది అలవాటు లేకుండానే పెరిగి పెద్దవాళ్లయ్యారు. దీనికి తోడు, తాగే అలవాటున్నవాళ్లలో కొందరు సర్వే దాకా బతికి ఉండకపోవచ్చు. వాళ్లు ఈ పట్టికలో అసలు కనిపించరు.

రెండో అడుగు: వర్గాలవారీ చార్ట్ గీయండి, కానీ తలల సంఖ్య రాయకుండా గీయొద్దు

ఇప్పుడు ఒక్కో వయసు వర్గంలో పక్కపక్కనే రెండు బార్లు. 18–44లో తాగేవాళ్ల మరణాలు 288లో 19, అంటే 6.6 శాతం. తాగనివాళ్లవి 340లో 13, అంటే 3.8 శాతం. 45–64లో 245లో 78, 199లో 52. శాతాల్లో 31.8, 26.1. 65 పైన 49లో 42, 193లో 165. ఇవి 85.7, 85.5 శాతం, అంటే ఇంచుమించు సమానం.

మూడు చోట్లా తాగేవాళ్ల బారే పొడుగు, కనీసం సమానం. మొత్తం చార్ట్‌లో మాత్రం అదే పొట్టి. పారడాక్స్ అంటున్నది దీన్నే.

చాలామంది ఈ గ్రూప్డ్ బార్ చార్ట్‌తో ఆగిపోతారు. నాకు అది సరిపోదు. ఇందులో రెండు లోపాలున్నాయి. మొదటిది, నిలువు అక్షం సున్నా నుంచి వంద దాకా ఉండటం వల్ల చిన్న వయసువాళ్ల బార్లు నేలకు అతుక్కుపోతాయి. 6.6 అన్నది 3.8కి ఒకటిన్నర రెట్లకు పైనే, అయినా కంటికి ఆనదు. దీనికి మందు తేలికే. బార్లకు బదులు చుక్కలు పెట్టి, ఒక్కో వయసులో రెండు చుక్కల్నీ గీతతో కలపండి. పక్కనే తేడాను అంకెల్లో రాయండి.

రెండో లోపం ఇంకా పెద్దది. 49 మంది మీద గీసిన బార్, 340 మంది మీద గీసిన బార్ ఒకే వెడల్పులో నిలబడతాయి. మొత్తం శాతం ఎందుకు తిరగబడిందో చెప్పాల్సిన సమాచారం సరిగ్గా ఆ తలల సంఖ్యలోనే ఉంది, చార్ట్ దాన్నే దాచేసింది. చూసేవాడికి మొత్తం చార్ట్, వర్గాల చార్ట్ రెండూ ఒకదాన్నొకటి కాదంటున్నట్టు కనిపిస్తాయి తప్ప, ఒకదాని నుంచి ఇంకొకటి ఎలా పుట్టిందో కనిపించదు. కనీసం ప్రతి బార్ కింద ఎంతమంది అన్నది రాయాలి. ఇంకా మంచి దారి మూడో అడుగులో ఉంది.

మూడో అడుగు: బార్ వెడల్పుకు కూడా పని చెప్పండి

ఒక్కో బార్ ఎత్తు ఆ వర్గంలో మరణాల శాతం. వెడల్పు మాత్రం ఆ వర్గం మొత్తంలో ఎంత వాటానో అంత. అలా గీసినప్పుడు బార్ల వైశాల్యాలన్నీ కలిపితే సరిగ్గా మొత్తం శాతం వస్తుంది. రెండు చార్ట్‌ల మధ్య తెగిపోయిన లంకె ఇక్కడ తిరిగి కలుస్తుంది.

స్ప్రెడ్‌షీట్‌లో వెడల్పు మారే బార్లు గీయడం తలనొప్పి. పైథాన్ ఉంటే ఇంతే:

```python
import numpy as np
import matplotlib.pyplot as plt

data = {"smoker":     ([288, 245, 49],  [19, 78, 42]),
        "non-smoker": ([340, 199, 193], [13, 52, 165])}

fig, axes = plt.subplots(2, 1, sharex=True, sharey=True)
for ax, (name, (n, d)) in zip(axes, data.items()):
    n, d = np.array(n), np.array(d)
    w = 100 * n / n.sum()
    ax.bar(np.cumsum(w) - w, 100 * d / n, width=w,
           align="edge", edgecolor="white")
    ax.axhline(100 * d.sum() / n.sum(), linestyle="--", color="black")
    ax.set_title(name)
plt.show()
```

పైన తాగేవాళ్లు, కింద తాగనివాళ్లు. చుక్కల గీత మొత్తం శాతం. పై చార్ట్‌లో ఎత్తైన మూడో బార్ సన్నటి పట్టీలా ఉంటుంది. కింది చార్ట్‌లో అదే ఎత్తున్న బార్ మూడింతలు లావుగా, చార్ట్‌లో నాలుగో వంతుకు పైగా ఆక్రమించి ఉంటుంది. కింది చుక్కల గీతను పైకి లాగుతున్నది ఆ లావుపాటి బారే. ఒక్కో బార్ ఎత్తును పోల్చి చూస్తే తాగనివాళ్లవి ఎక్కడా ఎక్కువ లేవు. అయినా గీత మాత్రం వాళ్లదే పైన ఉంది. ఇంకెవరికైనా ఈ సంగతి వివరించాల్సి వస్తే నేను వాడేది ఈ ఒక్క చార్టే. దీన్ని చూశాక మాటలు పెద్దగా అక్కర్లేదు.

నాలుగో అడుగు: తిరగబాటు ఎక్కడి నుంచి వచ్చిందో అంకెల్లో రాబట్టండి

మొత్తం శాతం అంటే వర్గాల శాతాల వెయిటెడ్ సగటు. వెయిట్లు ఆ వర్గం వాటాలు. తాగనివాళ్లకు కట్టి చూద్దాం.

18–44 వర్గం: 46.4 శాతం మందిలో 3.8 శాతం మరణాలు, అంటే మొత్తానికి 1.8 పాయింట్లు. 45–64 వర్గం: 27.2 శాతం మందిలో 26.1 శాతం, అంటే 7.1 పాయింట్లు. 65 పైన: 26.4 శాతం మందిలో 85.5 శాతం, అంటే 22.5 పాయింట్లు. మూడూ కలిపితే 31.4.

తాగేవాళ్లకు ఇదే లెక్క కడితే 3.3, 13.4, 7.2 వస్తాయి, మొత్తం 23.9. ఇప్పుడు రెండు వరుసల్నీ పక్కపక్కన పెట్టండి. మొదటి రెండు వర్గాల్లో తాగేవాళ్ల అంకెలే పెద్దవి. మూడో వర్గం ఒక్కటే 22.5కి 7.2, అంటే 15 పాయింట్ల తేడా. ఆ వర్గంలో రెండువైపులా మరణాల శాతం ఒక్కటే అని గుర్తుంచుకోండి. అంటే ఆ 15 పాయింట్లలో సిగరెట్‌కు సంబంధించింది ఏమీ లేదు. అది పూర్తిగా ముసలివాళ్లు ఎటువైపు ఎక్కువున్నారు అన్నదాని లెక్క. మొదటి రెండు వర్గాల్లో తాగేవాళ్ల వైపు పోగైన దాదాపు ఎనిమిది పాయింట్లను అది మింగేసి, పైగా ఇంకో ఏడున్నర పాయింట్లు తాగనివాళ్ల వైపు నెట్టింది.

పారడాక్స్ ఎదురైన ఏ డేటాలోనైనా ఈ వరుసలు రాసుకోండి. ఏ వర్గం వల్ల తిరగబడిందో వేలు పెట్టి చూపించగలిగినప్పుడే మనకు అది అర్థమైనట్టు.

ఐదో అడుగు: ఇద్దరికీ ఒకే వయసు పంపిణీ ఇచ్చి మళ్లీ సగటు కట్టండి

వర్గాలుగా విడదీశాక ఏడు జతల అంకెలు చేతిలో ఉంటాయి. ఎవరో ఒకరు "మొత్తం మీద ఎంత?" అని అడుగుతారు. అది సబబైన ప్రశ్నే. దానికి జవాబు పాత మొత్తం శాతం కాదు. ఇద్దరికీ ఒకే వెయిట్లు ఇచ్చి కట్టిన సగటు చెప్పాలి. జనాభా లెక్కలవాళ్లు దీన్ని వయసు సర్దుబాటు అంటారు.

పట్టికను A1 నుంచి టైప్ చేసి ఉంటే అంకెలు రెండో వరుస నుంచి ఎనిమిదో వరుస దాకా ఉంటాయి. వెయిట్లుగా ఇద్దరినీ కలిపిన 1314 మంది వయసు పంపిణీని తీసుకుందాం. తాగేవాళ్లకు, తాగనివాళ్లకు వరుసగా:

```
=SUMPRODUCT(B2:B8/C2:C8, C2:C8+E2:E8)/SUM(C2:C8,E2:E8)
=SUMPRODUCT(D2:D8/E2:E8, C2:C8+E2:E8)/SUM(C2:C8,E2:E8)
```

మొదటిది 30.3 శాతం, రెండోది 25.9 శాతం వస్తుంది. వయసు పంపిణీ ఒకటే అయి ఉంటే తాగేవాళ్లలో మరణాలు నాలుగు పాయింట్లకు పైగా ఎక్కువ అన్నమాట. మొత్తం చార్ట్‌లో ఏడున్నర పాయింట్లు తక్కువని కనిపించింది ఇదే డేటాలో.

ఇంకో రకంగానూ అడగొచ్చు, ఇది వినేవాళ్లకు ఇంకా తేలిగ్గా ఎక్కుతుంది. ఈ 582 మంది, ఇదే వయసుల్లో, తాగనివాళ్ల రేటున చనిపోయి ఉంటే ఎన్ని మరణాలు ఉండేవి? ఒక్కో వయసులో తాగనివాళ్ల శాతాన్ని తాగేవాళ్ల సంఖ్యతో గుణించి కలిపితే 110 వస్తుంది. నిజంగా జరిగినవి 139.

ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. వెయిట్లు మార్చితే సర్దుబాటు శాతం కూడా మారుతుంది. అందుకే 30.3, 25.9 అన్న అంకెలను విడివిడిగా ఎక్కడా వాడకూడదు. వాటి మధ్య పోలికకే విలువ. ఏ పంపిణీని వెయిట్లుగా వాడారో పక్కన రాసి తీరాలి.

వర్గాలు వెడల్పైతే లోపల మళ్లీ అదే తంతు

మూడు వర్గాలతో ఇదే సర్దుబాటు చేస్తే 29.7, 26.4 వస్తాయి. తేడా 3.3 పాయింట్లు. ఏడు వర్గాలతో 4.4 వచ్చింది. ఎందుకు పెరిగింది?

45–64 వర్గాన్ని విప్పి చూడండి. కలిపి చూసినప్పుడు తాగేవాళ్లకూ తాగనివాళ్లకూ తేడా 5.7 పాయింట్లు. విడదీస్తే 45–54లో 20.8, 15.4 శాతం, తేడా 5.4. 55–64లో 44.3, 33.1 శాతం, తేడా 11.2. ఒకచోట 5.4, ఇంకోచోట 11.2 ఉన్నప్పుడు కలిపితే నడిమధ్యలో ఎక్కడో రావాలి కదా. 5.7 వచ్చిందంటే కిందికి ఏదో లాగింది. ఏం లాగిందో పట్టికలోనే ఉంది. ఆ వర్గంలో తాగేవాళ్లు 45–54 వైపు ఎక్కువ, 130కి 115. తాగనివాళ్లు 55–64 వైపు ఎక్కువ, 78కి 121. మొత్తం డేటాను తిప్పేసిన వయసు తేడానే, చిన్న మోతాదులో, ఈ ఒక్క వర్గం లోపల కూడా పనిచేస్తోంది. ఇక్కడ తిరగబడేంత బలం లేక తేడాను తగ్గించడంతో సరిపెట్టుకుంది.

కాబట్టి "వయసువారీగా విడదీశాం, ఇక భయం లేదు" అనుకోవద్దు. వర్గాలను ఒకసారి ఇంకా సన్నగా చేసి, సర్దుబాటు అంకె కదులుతోందో లేదో చూడండి. పెద్దగా కదలకపోతే అక్కడ ఆగొచ్చు.

ఎంత సన్నగా చేయాలన్నదానికి హద్దు ఇంకోవైపు నుంచి వస్తుంది. 25–34 వరుస చూడండి. తాగేవాళ్లలో 124లో 3, తాగనివాళ్లలో 157లో 5. శాతాల్లో 2.4, 3.2. ఈ ఒక్క వయసులో తాగనివాళ్ల మరణాలే ఎక్కువ! దీన్ని చూసి ముప్పై ఏళ్లవాళ్లకు సిగరెట్ మేలు చేస్తుందని ఎవరూ అనుకోకూడదు. తాగేవాళ్లలో ఇంకొక్కరు చనిపోయి ఉంటే రెండూ 3.2 శాతంతో సమానమయ్యేవి. ఒక్క మనిషితో మాయమయ్యే తేడా మీద వాదన నిలబెట్టలేం. నేను ప్రతి వరుసలోనూ ఈ పరీక్షే చేస్తాను: ఒకటి రెండు సంఘటనలు అటూఇటూ అయితే ఫలితం మారుతుందా? మారితే ఆ వరుసను ఒంటరిగా చదవను, సర్దుబాటు సగటులో తన వాటా మేరకే ఉండనిస్తాను.

చివరి వరుసది ఇంకో రకం సమస్య. 75 దాటినవాళ్లలో 13కి 13, 64కి 64 మంది చనిపోయారు. ఇరవై ఏళ్ల గడువులో అందరూ పోయినచోట ఎవరు ముందు పోయారో ఈ లెక్క చెప్పలేదు. ఆ వయసులో తేడా లేదని అర్థం కాదు, ఈ కొలతకు ఆ తేడా అందలేదని అర్థం. ఎన్నేళ్లు బతికారు అన్న వివరం ఉంటే తప్ప అక్కడ ఏమీ తేలదు.

ఏ చార్ట్‌ని నమ్మాలి?

ఇప్పటిదాకా చేసిందంతా లెక్క. కానీ మొత్తం చార్ట్ సరైనదా, వర్గాల చార్ట్ సరైనదా అన్నది లెక్కతో తేలే విషయం కాదు. "ఎప్పుడూ విడదీసి చూడాలి" అనే సలహా తరచూ వినిపిస్తుంది. అది తప్పు సలహా. ఎందుకు తప్పో సిగరెట్ తోనే చూపిస్తాను.

విక్‌హామ్‌లో వయసువారీగా విడదీయడం సరైందే. వయసు సిగరెట్ వల్ల మారదు. ఏ తరంలో పుట్టారన్నదాన్ని బట్టి అలవాటుంటుందో లేదో కొంత ఆధారపడుతుంది, ఇరవై ఏళ్లు బతుకుతారా లేదా అన్నది చాలా ఆధారపడుతుంది. రెండింటికీ వెనక ఉండి, రెండింటినీ కదిలించే ఇలాంటి అంశాన్ని కన్ఫౌండర్ అంటారు. దాని ప్రభావం తీసేసి చూడాల్సిందే.

ఇప్పుడు ఇంకో డేటా. గర్భంతో ఉన్నప్పుడు సిగరెట్ తాగిన తల్లుల పిల్లలు తక్కువ బరువుతో పుట్టడం ఎక్కువ. 2500 గ్రాముల లోపు పుట్టిన పిల్లలను మాత్రమే విడదీసి చూస్తే, వాళ్లలో తాగే తల్లుల బిడ్డల మరణాల శాతమే తక్కువగా కనిపిస్తుంది! 1970ల మొదట్లో యెరుషల్మీ అనే పరిశోధకుడు కాలిఫోర్నియా డేటాలో చూపించాక దీని మీద దశాబ్దాల పాటు చర్చ నడిచింది. ఇక్కడ బరువు కన్ఫౌండర్ కాదు. బరువు తగ్గడమే సిగరెట్ చేసిన పనుల్లో ఒకటి. పైగా తాగని తల్లికి బిడ్డ తక్కువ బరువుతో పుట్టిందంటే, దాని వెనక పుట్టుకతో వచ్చే లోపాల లాంటి ఇంకా తీవ్రమైన కారణం ఉండే అవకాశం ఎక్కువ. తక్కువ బరువు పిల్లలను ఏరి పక్కపక్కన పెట్టామంటే, సిగరెట్ వల్ల బరువు తగ్గినవాళ్లను, అంతకంటే పెద్ద జబ్బు వల్ల బరువు తగ్గినవాళ్లతో పోల్చినట్టు. విడదీయడమే ఇక్కడ దారి తప్పించింది.

రెండు పట్టికలనూ అంకెలుగా మాత్రమే చూస్తే ఏది ఏ రకమో పసిగట్టలేం. తేడా కాలక్రమంలో, కారణంలో ఉంది. అందుకే విడదీసే ముందు ఒక కాగితం మీద మూడు మాటలు రాసుకుని బాణాలు గీయండి: పోలుస్తున్న అంశం, ఫలితం, మీరు విడదీయాలనుకుంటున్న మూడో అంశం. మూడోది మొదటిదాని కంటే ముందే ఉండి దాన్ని ప్రభావితం చేస్తే విడదీయండి. మొదటిదాని వల్లే మూడోది మారుతుంటే, మొదటిదాని మొత్తం ప్రభావం తెలుసుకోవడానికి విడదీయొద్దు. బాణం ఎటు గీయాలో తెలియకపోతే ఆ రంగంలో పనిచేసేవాళ్లను అడగండి. డాక్టరో, నర్సో, ఆ సర్వేకి ఇంటింటికీ తిరిగిన మనిషో ఒక్క మాటలో తేల్చేస్తారు.

బాణాలు సరిగ్గా గీసినా విక్‌హామ్ లెక్కకు ఒక లోటు మిగిలే ఉంటుంది. సర్వే నాటికే చనిపోయిన తాగేవాళ్లు ఇందులో లేరు. 65 దాటి, సిగరెట్ తాగుతూ సర్వేకి అందిన ఆ 49 మంది అలవాటును తట్టుకుని నిలబడ్డవాళ్లు. వాళ్లనూ, తాగని 193 మందినీ ఒకే రకం మనుషులుగా చూడలేం. ఆ వర్గంలో 85.7, 85.5 అని సమానంగా రావడానికి ఇది కూడా ఒక కారణం కావొచ్చు. ఏ సర్దుబాటూ దీన్ని సరిచేయలేదు, ఎందుకంటే లేనివాళ్ల వరుస పట్టికలోనే లేదు.

వర్గాల డేటా చేతికి రానప్పుడు

వార్తల్లో, నివేదికల్లో సాధారణంగా మొత్తం అంకెలే ఇస్తారు. అప్పుడు కూడా తిరగబాటు సాధ్యమా కాదా అని అంచనా వేయొచ్చు. రెండు విషయాలూ ఒకేసారి నిజమైతేనే అది జరుగుతుంది: మూడో అంశం రెండు గుంపుల్లో బాగా వేరుగా పంపిణీ అయి ఉండాలి, ఫలితం మీద దాని ప్రభావం కూడా మనం పోలుస్తున్న అంశం ప్రభావం కంటే పెద్దదై ఉండాలి. విక్‌హామ్‌లో పెద్దవాళ్ల వాటా 8.4కి 26.4. వయసు ప్రభావం 4 శాతం నుంచి 85 శాతం దాకా. అంత బలమైన అంశం ఏదీ ఊహకు అందకపోతే తిరగబడటం అరుదు.

మరణాల విషయంలో వయసు ఎప్పుడూ అంత బలమైనదే. అందుకే రాష్ట్రాలను మరణాల రేటుతో పోల్చే చార్ట్ కనబడితే ముందు అనుమానించాల్సింది దాన్నే. జనన మరణాల రేట్లను లెక్కగట్టే భారత ప్రభుత్వ నమూనా సర్వే ఎస్‌ఆర్‌ఎస్ నివేదికల్లో 2019, 2020 సంవత్సరాలకు వెయ్యి మందికి మరణాల రేటు కేరళలో 7 చుట్టుపక్కల, బిహార్‌లో అయిదున్నర చుట్టుపక్కల ఉంది. కేరళలో ఆయుర్దాయం ఎక్కువ, శిశు మరణాలు చాలా తక్కువ. ముసలివాళ్ల వాటా ఎక్కువ కాబట్టే ఆ రేటు పైకి వెళ్లింది. ఆంధ్రప్రదేశ్‌ను గానీ తెలంగాణను గానీ వేరే రాష్ట్రంతో పోల్చే పట్టికలో "మరణాల రేటు" అని మాత్రమే రాసి ఉండి, వయసు సర్దుబాటు చేశామన్న మాట లేకపోతే, ఆ అంకె పట్టుకుని ఆసుపత్రుల పనితీరు మీద తీర్పు చెప్పకూడదు. అడగాల్సింది వయసులవారీ రేట్లు. అవి కూడా ఎస్‌ఆర్‌ఎస్ ప్రచురిస్తుంది.

చార్ట్ కింద రాయాల్సిన మాట

చివరికి మీరు ప్రచురించే చార్ట్ ఏదైనా, దాని కింద మూడు సంగతులు ఉండాలి: ఒక్కో వర్గంలో ఎంతమంది, ఏ పంపిణీతో సర్దుబాటు చేశారు, ఆ అంశంతోనే ఎందుకు విడదీశారు. విక్‌హామ్ చార్ట్‌కి నేనైతే ఇలా రాస్తాను:

"1314 మంది ఆడవాళ్లు (తాగేవాళ్లు 582, ఎప్పుడూ తాగనివాళ్లు 732), ఇరవై ఏళ్లలో మరణాలు. సర్దుబాటు లేకుండా 23.9, 31.4 శాతం. ఏడు వయసు వర్గాలతో, ఇద్దరినీ కలిపిన వయసు పంపిణీని వెయిట్లుగా తీసుకుని సర్దుబాటు చేస్తే 30.3, 25.9 శాతం. తాగేవాళ్లలో 65 దాటినవాళ్లు తక్కువ (8.4కి 26.4 శాతం) కాబట్టి వయసువారీగా విడదీశాం. సర్వేకి ముందే చనిపోయినవాళ్లు ఇందులో లేరు. 25–34 వర్గంలో మరణాలు ఎనిమిదే కాబట్టి ఆ ఒక్క వరుసను విడిగా చదవొద్దు."